కథ: సుంకులమ్మ అర్జీ (ఆఫీసు సంగతులు తెలిసినవాళ్లు చదివి తప్పులు చెప్పండి)

ఆలూరు మల్లీశ్వరి

అందరికీ నమస్కారం. మా అవ్వ జీవితంలో జరిగిన ఒక చిన్న సంగతి పట్టుకొని కథ రాశాను. జరిగింది 1993లో, కర్నూలు జిల్లా పడమటి వైపు, అంటే మా ఆలూరు, ఆదోని ప్రాంతంలో. మండలం పేరు కావాలనే రాయలేదు, అవ్వ పేరు తప్ప మిగతా మనుషుల పేర్లు కూడా మార్చాను. అవ్వ ఇప్పుడు లేదు. ఎమ్మార్వో ఆఫీసులో పని ఎలా నడుస్తుందో నాకు తెలియదు, ఆ భాగమంతా ఊహించి రాసిందే. అక్కడ తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

*సుంకులమ్మ పెన్సిలు పట్టి ఏడు నెలలయింది. అసలు రాత్రి బడికి పోయింది ఆమె కాదు, కోడలు. చంటిపిల్ల ఏడిస్తే ఎత్తుకోవడానికి తోడు పోయి వెనక గోడకు ఆనుకొని కూర్చునేది. పిల్ల నిద్రపోయాక ఊరికే ఉండలేక పలక అడిగింది. మొదట 'సు' వచ్చింది. తర్వాత సున్న. ఒత్తు దగ్గర నెల రోజులు ఆగిపోయింది.*

*బుడ్డలు పీకే పని లేని ఒక ముసురు సాయంత్రం ట్రంకుపెట్టెలోంచి పాస్ పుస్తకం తీసింది. మొగుడు పోయాక ఆమె పేరు మీదికి వచ్చిన పుస్తకం. మూడెకరాలు. నాలుగేళ్లుగా పెట్టెలో ఉంది, ఒక్కసారి కూడా అందులో తన పేరు తాను చూసుకోలేదు. అక్షరం కింద వేలు పెట్టి చదివింది. సుం. క. మ్మ. మళ్లీ చదివింది. దీపం దగ్గరికి జరిగి మళ్లీ చదివింది. 'ల' లేదు.*

*"నా పేరులో ల యాడ పోయింది?" అని కోడల్ని అడిగింది. "ఒక్క అక్షరమే కదత్తా" అంది కోడలు. సుంకులమ్మ మాట్లాడలేదు. ఆ 'ల' నేర్చుకోవడానికి ఎన్ని రాత్రులు పట్టిందో ఆమెకు తెలుసు.*

*నాలుగు రోజులు కూర్చొని రాసింది. "ఎమ్మార్వో గారికి. నా పేరు సుంకులమ్మ. పాస్ పుస్తకంలో సుంకమ్మ అని తప్పు పడింది. సుంకమ్మ నేను కాదు. చేను నాది. నా పేరు సరిగా రాయండి. ఇది నేనే రాసినాను."*

*ఆఫీసులో టపా తీసుకునేది రఫీ. ఇరవై మూడేళ్లు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. పొద్దున్నుంచి వచ్చిన అర్జీలన్నీ ఒకే చేతిరాత, బయట చింతచెట్టు కింద కూర్చొని రాసే ఆయనది. అన్నీ 'మహారాజశ్రీ'తో మొదలై 'చిత్తగించవలెను'తో ముగుస్తాయి. ఈ కాగితం చూసి తలెత్తాడు.*

*"ఎవరు రాసిచ్చినారవ్వా?"*

*"నేనే నాయనా. కింద చూడు, ఏలిముద్ర కూడా ఏయలేదు."*

*ఆ సాయంత్రం రఫీ జవాబు రాయడానికి కూర్చున్నాడు. 'తమరు సమర్పించుకున్న అర్జీని పరిశీలించడమైనది' అని రాశాడు. ఆమె వేలు 'సమర్పించుకున్న' కింద ఆగిపోవడం కళ్ల ముందు కనిపించింది. కొట్టేశాడు. ఆమె కాగితం వెనక్కి తిప్పి, ఒక్కో అక్షరం పెద్దదిగా విడదీసి రాశాడు. "సుంకులమ్మ గారికి. మీ పేరు తప్పు రాశాం. తప్పు మాది. సరి చేస్తాం. రఫీ."*

*మర్నాడు ఆమె చేతికిచ్చాడు. ఆమె వేపచెట్టు కింద కూర్చొని పావుగంట చదివింది. అతను కిటికీలోంచి చూస్తున్నాడు. లేచి వచ్చి ఒక్క మాట అడిగింది. "దీంట్లో 'గారు' అని ఉంది, నాకేనా రాసింది?"*

ఇంతే కథ. చెప్పండి.

గుత్తి లక్ష్మి

చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను మల్లీశ్వరీ. మా అమ్మ కూడా బ్యాంకులో వేలిముద్ర వేసేటప్పుడు ఇంకు తుడుచుకోవడానికి చీర కొంగు వెనక్కి దాచుకునేది, అది గుర్తొచ్చింది. ఒక అక్షరం కూడా మార్చొద్దు నువ్వు.

పాత టపా

అమ్మా, నేను జిల్లాలో రెవెన్యూ ఆఫీసుల్లోనే ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మొదటి ఉద్యోగం టపా సీటే. కథ బాగుంది కాబట్టే వివరంగా చెబుతున్నాను, బాధపడకు.

మొదటిది, కాగితం దారి. అర్జీ చేతికి రాగానే దాని మీద తేదీ ముద్ర పడుతుంది, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు పడుతుంది, ఏ సెక్షనుదైతే ఆ అక్షరం పడుతుంది. తర్వాత ఆ సీటు గుమాస్తా తన పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించుకుంటాడు. ఒకసారి అందులో ఎక్కిందంటే దానికి ముగింపు చూపించేదాకా ఆ గుమాస్తా మెడకు చుట్టుకొని ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఆ రిజిస్టరే. నీ కథలో ఈ నంబరు లేదు. నంబరు లేకపోతే ఆ ఆఫీసు దృష్టిలో సుంకులమ్మ అసలు రానే లేదు.

రెండోది, రఫీ సంతకం. జూనియర్ అసిస్టెంటు జవాబు ఇవ్వడు, చిత్తు రాసి పైకి పెడతాడు. సూపరింటెండెంటు చూసి దిద్దుతాడు, ఎమ్మార్వో సంతకం చేస్తాడు, డిస్పాచ్ నంబరుతో బయటికి పోతుంది. రఫీ తన పేరుతో "తప్పు మాది, సరి చేస్తాం" అని రాసిచ్చాడంటే ఎమ్మార్వో ఇంకా తీసుకోని నిర్ణయాన్ని తాను ప్రకటించినట్టు. ఆరు నెలల ఉద్యోగి, ప్రొబేషన్‌లో ఉంటాడు. ఆ కాగితం ఎవరైనా పట్టుకొస్తే మెమో ఖాయం.

మూడోది నన్ను నిజంగా కలవరపెట్టింది. అర్జీ వెనకాలే జవాబు రాసి అదే కాగితం ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. దాన్ని మేము ఎన్.డిస్ అంటాం. అసలు కాగితం తెచ్చినవాళ్లతోనే పోతుంది, ఆఫీసులో ఏమీ మిగలదు. రేపు రఫీకి బదిలీ అయితే కొత్తగా వచ్చినవాడికి సుంకులమ్మ ఎవరో తెలిసే దారే లేదు. చదివేవాళ్ల గుండె కరిగే చోటే ఆమె పని చెడిపోతోంది.

నాలుగోది ఇంకా పెద్దది. ఆ ఊళ్లో సుంకమ్మ అనే ఇంకొకామె ఉందా?

గుత్తి లక్ష్మి

అయ్యా, మీరు చెప్పేది అర్థమైంది కానీ అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలని చట్టం ఉంది కదా, ఇవ్వకపోతే జరిమానా కూడా ఉంది. రఫీ జవాబు ఇచ్చాడు, మంచి పనే చేశాడు. దానికి మెమో ఎందుకు?

పాత టపా

లక్ష్మమ్మా, మీరు చెబుతున్న 30 రోజులు సమాచార హక్కు చట్టంలోది. అది 2005లో వచ్చింది, కథ 1993లో జరిగింది. ఇప్పుడైనా ఆ చట్టం కింద అడిగితే మీ కాగితం ఎవరి దగ్గరుంది, దాని మీద ఏం రాశారు అన్నది చెప్పాలి. పేరు మార్చమంటే ఆ చట్టం మార్చదు. కాకపోతే మీ మాటలో ఒక సగం పనికొస్తుంది. అర్జీ పెట్టి ఊరికే ఎదురుచూసే బదులు కొన్నాళ్లకు "నా ఫలానా నంబరు అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు" అని సమాచార హక్కు కింద అడిగితే కాగితం కదులుతుంది. చాలామంది అలా కదిలించుకున్నారు. దానికీ మళ్లీ నంబరు కావాలి.

ఓర్వకల్లు శీను

మా నాయన పేరులో ఇంటిపేరు తప్పు పడింది. రీసర్వే అయ్యాక వచ్చిన కాగితంలో అలా ఉంది, ఆధార్‌లో వేరే ఉంది. రెండుసార్లు తిరిగాను. ఇక్కడ ఎవరైనా పని చేయిస్తారా, ఖర్చు ఎంతవుతుంది?

ఆలూరు మల్లీశ్వరి

శీనన్నా, ఇది కథ మీద చర్చ. అయినా ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు, చెబుతారేమో చూద్దాం.

పాత టపా గారూ, మీ నాలుగో ప్రశ్న చదివి మా చిన్నాన్నకు ఫోన్ చేశాను. ఉంది. సుంకమ్మ అని మా తాత పెద్దనాన్న కొడుకు భార్య, పక్క వీధిలోనే ఉండేదంట. నాకు ఇన్నాళ్లూ తెలియదు. అవ్వ అంత పట్టుబట్టింది ఒక అక్షరం మీద ప్రేమతో అనుకున్నాను. చిన్నాన్న అన్నాడు, "దానికి భయం మే, ఆ పక్కోళ్లు అడిగితే ఏం జెప్పాల అని" అని.

పాత టపా

చూశావా. "సుంకమ్మ నేను కాదు" అని ఆమె రాసిన వాక్యం నువ్వు అభిమానంగా రాశావు, ఆమె హెచ్చరికగా రాసింది. అర్జీ మొత్తంలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే.

రఫీ సీట్లో నేనుంటే ఏం చేసేవాణ్ణో చెబుతాను. పేరు ఒక్కటే చూస్తే ఎవరికి వాళ్లు అది తమదే అనొచ్చు. కాబట్టి పేరు పక్కన పెట్టి మిగతావి చూడాలి. పాస్ పుస్తకంలో భర్త పేరు ఏముంది, ఖాతా నంబరు ఎంత, సర్వే నంబరు ఏది, ఎన్ని సెంట్లు. అవే వివరాలు ఆఫీసులో ఉన్న, భూమి ఎవరి పేరున ఉందో రాసే 1బి రిజిస్టర్‌లో ఎలా ఉన్నాయి. తర్వాత అడంగల్ తీసి ఆ సర్వే నంబరులో నాలుగైదేళ్లుగా సాగు ఎవరిదని రాశారో చూడాలి. ఆ ఊళ్లో సుంకమ్మ పేరుతో ఇంకో ఖాతా ఉంటే దానికి భర్త పేరు వేరు, సర్వే నంబరు వేరు ఉండాలి. ఇవన్నీ పొసిగితే అది రాతపొరపాటు. ఊరి నుంచి రిపోర్టు తెప్పించి, ఆమె వాంగ్మూలం తీసుకొని, దిద్దమని ఎమ్మార్వోకు ఫైలు పెట్టొచ్చు. 1984లో కరణాలను తీసేసినా మా వైపు ఊళ్లో లెక్కలు రాసే ఆయన్ని జనం కరణం అనే పిలిచేవాళ్లు, రిపోర్టు రాయాల్సింది ఆయనే. పాస్ పుస్తకంలో తప్పు రాసింది కూడా చాలాసార్లు ఆయనే, అందుకని రిపోర్టు ఆలస్యం అయ్యేది.

ఎక్కడైనా పొసగకపోతే, ఉదాహరణకు భర్త పేరు కూడా తప్పుంటే, అప్పుడది రాతపొరపాటు కాదు, హక్కు ఎవరిదన్న ప్రశ్న. అప్పుడు సంబంధం ఉన్నవాళ్లందరికీ నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, ఉత్తర్వు ఇవ్వాలి. నచ్చనివాళ్లు ఆర్డీవోకు అప్పీలు పోవచ్చు. 1971 నాటి పాస్ పుస్తకాల చట్టంలో ఉన్న దారి ఇది. రఫీ మొదటి రోజు సాయంత్రానికే "తప్పు మాది" అనేశాడు. తప్పు ఏ రకమో ఆ సాయంత్రానికి అతనికి తెలిసే అవకాశం లేదు.

రాత్రిబడి రామసుబ్బమ్మ

నేను ఆ రోజుల్లో డోన్ దగ్గర రాత్రి బడి నడిపిన వాలంటీరుని. ఆఫీసు సంగతి పెద్దాయన చెప్పారు, నేను రాత సంగతి చెబుతా.

ముందు ఒకటి సరిగ్గా పట్టావు మల్లీశ్వరీ. అప్పటి అక్షరాస్యత కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్ల వాళ్ల కోసం. రిజిస్టర్‌లో పెద్దవాళ్ల పేర్లు ఎక్కేవి కావు. పిల్లల్ని ఎత్తుకొని వచ్చి వెనక కూర్చున్న అవ్వలు మా దగ్గరా ఉన్నారు, వాళ్ల పలకలు మా లెక్కల్లో లేవు. మూడు వాచకాలు పూర్తి చేయడానికి మాకు 200 గంటలు అని చెప్పారు. కోత కాలంలో బడి ఖాళీ, కాబట్టి ఏడు నెలల్లో ఆమె రెండో వాచకం దాటి ఉండదు.

అందుకే ఆ ఉత్తరం నాకు నమ్మబుద్ధి కాలేదు. మరీ శుభ్రంగా ఉంది. ఆ దశలో రాసేవాళ్లకు తమ పేరులో ఒత్తు మాత్రం తప్పదు, ఎందుకంటే అది వందల సార్లు రాసుంటారు. మిగతా మాటల్లో ఒత్తులు ఎగిరిపోతాయి. 'సుంకులమ్మ' సరిగ్గా రాస్తుంది, పక్కనే 'తప్పు' అన్నది 'తపు' అవుతుంది. 'పుస్తకం' రాయలేక 'పుసతకం' అని విడదీస్తుంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, ఎందుకంటే నోట్లో మాట ఆగదు కదా, రాతలో ఎందుకు ఆగాలి అనుకుంటారు. 'వ', 'మ' తారుమారు అవుతాయి. ఇంకోటి, అరవై దాటిన కళ్లకు సాయంత్రం దీపం వెలుగులో దగ్గరి అక్షరం కనిపించదు, మా దగ్గర చాలామంది బడి మానింది మెదడుకు ఎక్కక కాదు, కళ్లద్దాలు లేక. సుంకులమ్మ ముసురు సాయంత్రం దీపం దగ్గర చదివింది అన్నావు, అక్కడ ఆమె కష్టం ఇంకొంచెం చూపించు.

పెన్సిలు గట్టిగా నొక్కుతారు. కాగితం వెనక వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి. నేను ఇప్పటికీ నా దగ్గరున్న రెండు కాగితాలు అలా తడిమి చూసుకుంటాను.

సచివాలయం కుర్రోడు

అందరికీ నమస్తే. నేను గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను, ఎక్కడో చెప్పను. మొదట శీనన్నకు. అన్నా, ఎవరికీ డబ్బులివ్వొద్దు. పెద్దాయన చెప్పినట్టు ముందు తేడా ఏంటో తేల్చుకో. భూమి కాగితంలో తప్పా, ఆధార్‌లో తప్పా? చాలామందికి పాత పాస్ పుస్తకంలో సరిగ్గా ఉండి ఆధార్ తీసినప్పుడు ఇంటిపేరు తప్పు పడి ఉంటుంది. అలాంటప్పుడు మీరు భూమి కాగితం మార్చమని తిరుగుతుంటే రెవెన్యూ వాళ్లు మార్చరు, మార్చకూడదు కూడా. పాత పుస్తకం, 1బి కాపీ, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి చూడు. పాతదీ కొత్తదీ వేరుగా ఉంటేనే భూమి కాగితం దిద్దమని అర్జీ పెట్టు, పాత దాని కాపీ జత చెయ్యి.

ఇప్పుడు కథ గురించి. ఈ రోజుల్లో అయితే సుంకులమ్మ సోమవారం గ్రీవెన్స్‌కు పోతుంది. ఆమె కాగితాన్ని స్కాన్ చేసి ఎక్కిస్తాం, నంబరు వస్తుంది, ఆ నంబరు పట్టుకొని 1100కు ఫోన్ చేసి ఎక్కడుందో అడగొచ్చు. నంబరు విషయంలో అప్పటికంటే మేలే. కానీ ఒక బాధ ఉంది. ఎక్కించేటప్పుడు ఆమె చెప్పిందంతా మేం రెండు లైన్లలో కుదించి టైప్ చేస్తాం. 'పేరు సవరణ' అని విభాగం ఎంచుకుంటాం. "సుంకమ్మ నేను కాదు" అన్నది ఆ రెండు లైన్లలోకి రాదు. పై వాళ్లు స్కాన్ తెరవకుండా ఆ రెండు లైన్లే చదివితే ఆమె హెచ్చరిక అక్కడే పోయినట్టు. ఈ కథ చదివాక నేను టైప్ చేసేటప్పుడు అర్జీలో ఉన్న ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెడుతున్నాను. నిన్న మూడు అర్జీలకు అలా చేశాను.

జవాబు మాత్రం ఇప్పటికీ 'పరిశీలించడమైనది' భాషలోనే పోతోంది. అది చదివించుకోవడానికి జనం మళ్లీ మా దగ్గరికే వస్తారు.

ఓర్వకల్లు శీను

అన్నా థాంక్స్. చూశాను. ఆధార్‌లోనే తప్పుంది. ఇన్ని రోజులు వేరే ఆఫీసు చుట్టూ తిరిగాను.

ఆలూరు మల్లీశ్వరి

అందరికీ దండాలు. రెండు రోజులు కూర్చొని మార్చాను. కానీ ఒక చోట పాత టపా గారితో ఒప్పుకోలేకపోతున్నాను. రఫీ జవాబు ఆమె చదవగలిగేలా రాయడమే ఈ కథ. అది తీసేసి మెమో భాషలో ఎమ్మార్వో సంతకంతో పంపితే ఆమె మళ్లీ చింతచెట్టు కింద ఆయన దగ్గరికి పోయి చదివించుకోవాలి. అలాంటప్పుడు ఆమె రాయడం ఎందుకు?

పాత టపా

నేను ఆ భాషే ఉండాలని ఎక్కడా అనలేదమ్మా. సంతకం ఎమ్మార్వోది కావాలన్నాను, అంతే. తెలుగు అధికార భాష అయింది 1966లో. ఆ తెలుగు 'డమైనది'తోనే ముగియాలని ఏ మాన్యువల్‌లోనూ లేదు. మేం మా సీనియర్ల దగ్గర అలా నేర్చుకున్నాం, మా జూనియర్లకు అలాగే దిద్దాం. నేనే ఎన్ని చిత్తులు దిద్దానో. ఒక పిల్లాడు 'మీ అర్జీ చూశాం' అని రాస్తే కొట్టేసి 'పరిశీలించడమైనది' అని రాసిన చెయ్యి ఇది. అప్పట్లో మా ఆఫీసులో టైపు మిషను ఒకటే, చిన్న జవాబులు చేత్తోనే పోయేవి. కాబట్టి రఫీ పెద్ద అక్షరాలతో తేలిక మాటల్లో చిత్తు పెట్టి, దాన్ని సూపరింటెండెంటు కొట్టేయకుండా పైకి పంపితే అందులో ఏ రూలూ తప్పదు. నీ కథలో అసలు నిర్ణయం తీసుకోవాల్సింది ఆ సూపరింటెండెంటు. అతన్ని తీసుకురా.

గుత్తి లక్ష్మి

నాకు మాత్రం వెనకాల రాసిన జవాబే నచ్చింది. ఆమె కాగితం ఆమెకు తిరిగి రావాలి. ఆఫీసు కట్టల్లో పడి ఉంటే ఏం లాభం?

పాత టపా

అది కూడా తీర్చొచ్చు. మేం ఎప్పుడూ చెప్పే మాట, అర్జీ రెండు కాపీలు తెచ్చుకోండి, ఒకటి మాకివ్వండి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకొని మీ దగ్గర ఉంచుకోండి అని. ఈమెకు ఒక్కటి రాయడానికే నాలుగు రోజులు పట్టింది, ఇంకోటి రాయమనలేం. కార్బన్ పేపరు పెట్టి రాసుకొచ్చిందనుకో. రామసుబ్బమ్మ గారు చెప్పినట్టు అంత గట్టిగా నొక్కే చేతికి కార్బన్ బాగా పడుతుంది.

రాత్రిబడి రామసుబ్బమ్మ

పడుతుంది. మా బడిలో కార్బన్ మీద పేరు రాయించేదాన్ని, కింద కాగితం తీసి చూపిస్తే వాళ్ల ముఖాలు చూడాలి. బడి టీచరు ఇచ్చిందని రాయి.

ఆలూరు మల్లీశ్వరి

మార్చిన చివరి భాగం పెడుతున్నాను. ముందు భాగంలో ఉత్తరం రామసుబ్బమ్మ గారు చెప్పినట్టు మార్చాను.

*"ఎమారోగారికినాపేరు సుంకులమ్మ పాసుపుసతకంలో సుంకమ్మ అనితపుపడింది సుంకమ్మ నేనుకాదు ఆమెవేరేఉంది చేనునాది నాపేరుసరిగరాయండి ఇదినేనేరాసినాను"*

*రఫీ పైకాగితం మీద ముద్ర వేసి నంబరు రాసుకున్నాడు. కార్బన్ కాగితం మీద కూడా ముద్ర వేసి అదే నంబరు రాసి ఆమెకిచ్చాడు. "ఇది జాగ్రత్తవ్వా. అడిగేటప్పుడు ఈ అంకెలు చెప్పు."*

*'ఆమెవేరేఉంది' దగ్గర ఆగి రిజిస్టరు తీశాడు. సుంకమ్మ రెండు చోట్ల ఉంది. భర్తల పేర్లు వేరు. సర్వే నంబర్లు వేరు. అడంగల్‌లో నాలుగేళ్లూ సుంకులమ్మే. ఊరికి రిపోర్టు కోసం రాశాడు. రిపోర్టు రావడానికి రెండు నెలలు పట్టింది. ఈ రెండు నెలల్లో ఆమె మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కార్బన్ కాగితం చూపి అంకెలు పైకి చదివింది.*

*చిత్తు పెట్టాడు. "సుంకులమ్మ గారికి. మీ పేరు మా రాతలో తప్పు పడింది. చూశాం. చేను మీది. పేరు దిద్దాం. పాస్ పుస్తకం తెచ్చి ఇవ్వండి, సరి చేసి ఇస్తాం."*

*సూపరింటెండెంటు ఎర్ర పెన్ను తీశాడు. "ఇదేం భాష?" అన్నాడు. రఫీ మాట్లాడకుండా ఫైలులో అడుగున ఉన్న ఆమె అర్జీ తీసి పైన పెట్టాడు. ఆయన చదివాడు. కాగితం తిప్పి వెనక పైకి తేలిన అక్షరాల మీద బొటనవేలు ఆనించి చూశాడు. పెన్ను మూత పెట్టి, చిత్తు కింద పొడి అక్షరాలు రెండు రాసి పైకి పంపాడు.*

*ఆమె వేపచెట్టు కింద కూర్చొని చదివింది. లేచి వచ్చింది. "దీంట్లో 'గారు' అని ఉంది, నాకేనా?"*

పాత టపా

ఇప్పుడు ఈ ఫైలు నేనైనా సంతకం పెడతాను. ఒక్కటే. ముగింపులో ఈ ఫైలుకు ఎల్.డిస్ అని వేయించకు, అవి ఏడాదికే నాశనం చేసే కాగితాలు. పేరు దిద్దిన ఉత్తర్వు శాశ్వతంగా ఉండాలి, ఆర్.డిస్ కట్టలో పెట్టించు. ఆ ఎర్ర పెన్ను ఆయన గురించి నేనింకేమీ రాయలేను, వదిలేయ్.

గుత్తి లక్ష్మి

బాగుంది కానీ నాకు ఒకటి వెలితిగా ఉంది. ఆ ఇంకో సుంకమ్మ? ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె పేరు మీద కాగితం ఉందని ఆమెకు తెలుసా? తెలిసి ఊరుకుందా?

ఆలూరు మల్లీశ్వరి

అదే నన్నూ తొలుస్తోంది లక్ష్మక్కా. చిన్నాన్నను మళ్లీ అడిగాను. ఆమె ఎప్పుడూ అడగలేదంట. ఆమెకు చదువు రాదు. ఇద్దరూ ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లంట. ఇది కథలోకి తేవాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాను.

రాత్రిబడి రామసుబ్బమ్మ

తేవద్దు అని నా మనసు. ఇంకో కథ రాయి ఆమె మీద.

సచివాలయం కుర్రోడు

నేనైతే తెమ్మంటాను. పేరు దిద్దాక ఆ ఉత్తర్వు కాపీ పక్క వీధి సుంకమ్మకు కూడా పోవాలి కదా పెద్దాయనా? పోతే ఆమెకు ఎవరు చదివి చెప్పారు?

పాత టపా

రాతపొరపాటు దిద్దితే పంపక్కర్లేదు. నేనైతే పంపేవాణ్ణి. ఎవరు చదివి చెప్పారన్నది మల్లీశ్వరి చెప్పాలి.